నాన్న ఖాతాలో నెలనెలా 299 పోతోంది, ఆటోపే ఎక్కడుందో దొరకట్లేదు

బ్రాడీపేట పద్మ: మా నాన్నగారి పెన్షన్ ఖాతాలోంచి ప్రతి నెలా 299 రూపాయలు పోతున్నాయి. బ్యాంకు మెసేజ్‌లో Google Play అని తప్ప ఇంకేం లేదు. ఫోన్‌పేలో ఆటోపే తెరిస్తే మేం పెట్టుకున్న ఓటీటీ ఒక్కటే కనిపిస్తోంది. ఆ మధ్య జాతకాల యాప్ ఒకటి రూపాయి ట్రయల్ అంటే ఎక్కించుకున్నారట. దాన్ని తీసేసి చాలా కాలమైంది. మరి ఇంకా ఎలా కట్ అవుతోంది?

కృష్ణలంక కుర్రాడు: ఆ ఖాతాలో డబ్బు లేకుండా చూసుకోండి మేడమ్. ఒకసారి ఫెయిలైతే వాళ్లే ఆపేస్తారు. నేను అలాగే వదిలించుకున్నా.

అరండల్‌పేట బాబాయ్: పెన్షన్ ఖాతాను ఖాళీగా ఎలా ఉంచుతారు బాబూ? పైగా ఫెయిలైన చెల్లింపును ఇంకో మూడుసార్ల వరకు మళ్లీ ప్రయత్నించవచ్చు. నీ సబ్‌స్క్రిప్షన్ ఆగి ఉండొచ్చు, డబ్బు తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి, అదే మ్యాండేట్, ఇంకా అలాగే ఉందేమో ఒకసారి చూసుకో.

పద్మగారూ, యాప్ తీసేస్తే ఆటోపే పోదు. ఆ రూపాయి కట్టేటప్పుడు నాన్నగారు పిన్ కొట్టారు కదా, దాంతోనే నెలనెలా తీసుకోవడానికి అనుమతి ఇచ్చేసినట్టు. ఆ తర్వాత 15,000 లోపు మొత్తాలకు మళ్లీ పిన్ అడగరు. డబ్బు తీసే 24 గంటల ముందు మెసేజ్ మాత్రం రావాలి. ముందు ఆ అనుమతి ఏ యూపీఐ యాప్‌లో ఇచ్చారో పట్టుకోండి. పాత మెసేజ్‌ల్లో UMN అని పొడుగాటి నంబరు ఉందేమో వెతకండి. దాని చివర @ybl ఉంటే ఫోన్‌పే, @okaxis, @oksbi లాంటివి ఉంటే గూగుల్ పే.

మంగళగిరి శ్రీను: నా బైక్ ఈఎంఐ కూడా ఇలాగే కట్ అవుతోంది బాబాయ్, ఆటోపేలో ఎక్కడా కనపడదు. దాన్నెలా తీసేయాలి?

అరండల్‌పేట బాబాయ్: అది చాలావరకు యూపీఐ కాకుండా నేరుగా బ్యాంకు ఖాతా మీద పెట్టే నాచ్ మ్యాండేట్ అయ్యుంటుంది శ్రీనూ, బ్యాంకులో అడగాలి. కానీ అది ఆపేస్తే అప్పు తీరదు, చెక్కు బౌన్స్ అయినట్టు చార్జీలు పడతాయి. దాని జోలికి వెళ్లకు.

బ్రాడీపేట పద్మ: @okaxis అని ఉంది! నాన్న ఫోన్‌లో గూగుల్ పే లేదు. పాత ఫోన్‌లో ఉండేదట.

అరండల్‌పేట బాబాయ్: అదే సిమ్‌తో మళ్లీ ఎక్కించండి, అదే ఖాతా కలపండి. ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఆటోపే కనిపిస్తుంది. ఒక యాప్‌లో పెట్టిన మ్యాండేట్లు మిగతా యాప్‌ల్లోనూ కనపడేలా చేయమని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరులో చెప్పి, డిసెంబరు 31 గడువు పెట్టింది. అయినా పెట్టిన యాప్‌లోనే వెతకడం మేలు.

బ్రాడీపేట పద్మ: దొరికింది బాబాయ్‌గారూ. పేరు Google Play, గరిష్ఠ మొత్తం 1,500 అని ఉంది. కట్ అయ్యేది 299 కదా?

అరండల్‌పేట బాబాయ్: 1,500 అనేది పైహద్దు. రేపు వాళ్లు ధర పెంచినా ఆ హద్దు దాకా లాగొచ్చు. ఇప్పుడే రద్దు నొక్కకండి. ముందు ప్లే స్టోర్‌లో Payments & subscriptions లోకి వెళ్లి సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయండి.

బ్రాడీపేట పద్మ: చూశాను. అక్కడ ఒక్క సబ్‌స్క్రిప్షన్ కూడా లేదు.

పటమట ఫోన్ షాప్: ఫోన్‌లో రెండు జీమెయిల్‌లు ఉన్నాయేమో చూడండి అక్కా. ఏ మెయిల్‌తో కొంటే ఆ మెయిల్ కిందే కనిపిస్తుంది. ప్లే స్టోర్‌లో పైన ఫొటో నొక్కి మెయిల్ మార్చండి. పెద్దవాళ్ల ఫోన్లలో ఇది మామూలే, కొన్న రోజు షాపువాడు ఒకటి పెడతాడు, తర్వాత మనవడు ఇంకోటి పెడతాడు.

బ్రాడీపేట పద్మ: నిజమే తమ్ముడూ, మా అబ్బాయి మెయిల్ కింద ఉంది! రద్దు చేశాను. గూగుల్ పేలో ఆటోపే కూడా తీసేశాను, నాన్న పిన్ అడిగింది. బ్యాంకు నుంచి మ్యాండేట్ రద్దయినట్టు మెసేజ్ వచ్చింది.

అరండల్‌పేట బాబాయ్: ఆ మెసేజ్ దాచండి. ఫోన్‌పేలో ఆ ఓటీటీకి కూడా పైహద్దు ఎంతో చూడండి. అది వద్దనుకున్న రోజున 'పాజ్' నొక్కి వదిలేయకండి, గడువు అయ్యాక మళ్లీ మొదలవుతుంది.

కృష్ణలంక కుర్రాడు: పోయిన డబ్బు బ్యాంకువాళ్లని అడగొచ్చు కదా మేడమ్? మోసమని కంప్లయింట్ పెట్టండి.

అరండల్‌పేట బాబాయ్: పిన్ కొట్టింది నాన్నగారే కాబట్టి బ్యాంకు మోసమని ఒప్పుకోవడం కష్టం. కొని 48 గంటలు దాటకపోతే ప్లే స్టోర్‌లోనే రీఫండ్ అడగొచ్చు, దాటితే యాప్‌వాళ్లనే అడగమంటారు.

పటమట ఫోన్ షాప్: దాటినా ఒకసారి ప్లే స్టోర్‌లో పెట్టి చూడండి అక్కా. మా కస్టమర్ ఒకాయనకి ఒక నెలది వచ్చింది.

బ్రాడీపేట పద్మ: ఈ నెలది కట్ అయి నాలుగు రోజులైంది. రెండు చోట్లా పెట్టాను. యాప్‌వాళ్ల మెయిల్ తిరిగొచ్చేసింది, ప్లే స్టోర్ నుంచి ఇంకా ఏమీ రాలేదు.