‘ధర మీద 25 శాతం’ అంటే ఏ ధర మీద?

నర్సంపేట: మా చపాటా కారం 200 గ్రాముల ప్యాకెట్‌ను ఒక సూపర్‌మార్కెట్ చెయిన్‌లో పెట్టించాలని వాళ్ల కేటగిరీ బయ్యర్‌కు మెయిల్ రాస్తున్నాను. ఈ ముక్క చూడండి:

“ఎమ్మార్పీ రూ.120. మీకు రూ.96కు ఇస్తాం. ధర మీద 25 శాతం లాభం. శాంపిల్‌తో వచ్చి కలవడానికి సమయం ఇవ్వగలరు.”

పోయినసారి ఇలాగే రాస్తే ఇంకో చెయిన్ బయ్యర్ ఫోన్ చేసి, “20 ఇస్తూ 25 అని రాశారేంటి?” అన్నాడు. మీటింగ్ ఊసే లేదు. తప్పు నా లెక్కదా, నా తెలుగుదా?

హనుమకొండ: లెక్క సరిగానే ఉంది. చిక్కంతా ‘మీద’ దగ్గర. నేను చాలా ఏళ్లు ఒక చెయిన్‌లో కొనుగోళ్లు చూశాను. కిరాణా కొట్టాయన 96కు తెచ్చి 24 వేసుకుంటాడు. 96లో పావు 24, కాబట్టి ఆయనకది 25 శాతం. చెయిన్ వాళ్లు అమ్మే ధర నుంచి వెనక్కి లెక్కేస్తారు. 120లో 24 అంటే 20 శాతమే. నిజంగా 25 ఇవ్వాలంటే మీరు 90కే ఇవ్వాలి. ఇంకోటి, ‘లాభం’ అనకండి. అద్దె, కరెంటు, జీతాలు పోగా మిగిలేది లాభం. అది వాళ్లకెంతో మీకెలా తెలుస్తుంది? ‘మార్జిన్’ అనే రాయండి.

కరీంనగర్: జీఎస్టీ 5 శాతం తీసేసి చూస్తే 25 వస్తుంది కదా!

హనుమకొండ: రాదండీ. రెండు ధరల్లోంచీ పన్ను తీస్తే మళ్లీ అదే 20. కానీ మంచి మాట గుర్తు చేశారు. ఆ 96 పన్నుతో కలిపా, కలపకా? మెయిల్‌లో లేదు. పన్ను అదనమైతే వాళ్లకు పడేది రూ.100.80, మార్జిన్ 16కు దిగుతుంది.

జనగామ: మేమూ సకినాలు ఐదు కిలోలు మచ్చుకు ఇచ్చి వచ్చాం. సంక్రాంతి పోయింది, ఇంతవరకు ఫోన్ లేదు.

హనుమకొండ: ఐదు కిలోలు మచ్చు కాదమ్మా, పంపకం! అమ్మకానికి పోయే ప్యాకెట్లే రెండు ఇవ్వండి. ఒకటి విప్పి చూస్తారు. రెండోది తిప్పి ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, బ్యాచ్, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, బార్‌కోడ్ చూస్తారు. కవర్లో కట్టిచ్చిన సరుకును బల్ల కింద పెట్టేస్తాం.

పరకాల: చపాటాకు రంగెక్కువ, ఘాటు తక్కువ. అది రాయరా? కానీ ‘కారంలో కారం తక్కువ’ అని మాత్రం రాయకండి, నవ్వుతారు.

నర్సంపేట: ఇలా మార్చాను: “రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఎమ్మార్పీ రూ.120. పన్నుతో కలిపి మీకు రూ.96. ఎమ్మార్పీ మీద మార్జిన్ 20 శాతం. రెండు ప్యాకెట్లు తెస్తాం, సమయం ఇవ్వగలరు.”

కరీంనగర్: ‘ఇవ్వగలరు’ అంటే ఇచ్చే సామర్థ్యం ఉందని. ‘ఇవ్వగలరా?’ అని అడగండి.

పరకాల: ఆఫీసు కాగితాల్లో అందరూ రాసేది ‘ఇవ్వగలరు’ అనే. విన్నపమేగా!

హనుమకొండ: నాకైతే రెండు రకాలుగానూ వచ్చేవి. నేను చూసేది మాత్రం 96 పక్కన పన్ను సంగతి ఉందా లేదా అని.