జనరేటర్‌కి పెట్రోల్ తెచ్చే క్యాన్ ఉబ్బిపోతోంది, ఏది వాడాలి?

మాది కోనసీమలో చిన్న ఊరు. కరెంటు పోతే 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్ వేస్తాం. లోడు ఉంటే గంటకు లీటరు దాకా తాగుతుంది. బంకు 9 కిలోమీటర్ల దూరం, స్కూటీ ఫుట్‌బోర్డు మీద పెట్టుకుని తెస్తున్నాను.

మొదట 5 లీటర్ల వంటనూనె క్యాన్‌లో మూత దాకా పోయించాను. పదకొండు గంటల ఎండ. ఇల్లు చేరేసరికి క్యాన్ పొట్ట ఉబ్బింది, మూత చుట్టూ తడి, చెప్పులకి పెట్రోల్ కంపు. రెండోసారి అర లీటరు ఖాళీ వదిలాను. కారడం తగ్గింది కానీ మూత లోపలి వాషర్ మెత్తబడి సాగిపోయింది, విప్పగానే బుస్సుమని ఆవిరి వచ్చింది. మూడోసారి మంచినీళ్ల సీసాలు పట్టుకెళ్తే బంకు కుర్రాడు పోయనన్నాడు. నిజానికి అతనిదే కరెక్టు.

ఇప్పుడు స్టాటిక్ కరెంటుతో నిప్పురవ్వ లేస్తుందేమోనన్న భయంతో క్యాన్‌ని బండి మీద కాక నేల మీద పెట్టించి పోయిస్తున్నాను. సొంత వాడకానికి 30 లీటర్ల వరకు లైసెన్స్ అక్కర్లేదని చట్టంలో ఉన్నా, ఇంట్లో 5 లీటర్లు మించి ఉంచను. అదీ పొయ్యికి దూరంగా, బయటి పాకలోనే.

ఈ ఎండలో స్కూటీ మీద ఒక్కసారికి 5 లీటర్లు తేవడానికి, రబ్బరు వాషర్ బిగింపు ఉన్న ఇనుప జెర్రీ క్యాన్ మేలా, పెట్రోల్ కోసమే చేసిన మందపాటి ప్లాస్టిక్ క్యాన్ మేలా? వాడినవాళ్లు చెప్పగలరా?