కుచ్చిళ్లు ఎగుడుదిగుడు, పైట జారుడు: ఫోటో చూసి చెప్పండి

గోరింట: జార్జెట్ చీర కట్టుకుని అద్దం ముందు తీసుకున్న సెల్ఫీ పెట్టాను. కుచ్చిళ్ల అంచు ఒక పక్క నేలను తాకుతోంది, మరో పక్క చీలమండ కనిపించేంత పైకి లేచింది. పైట చేతి మీదికి జారిపోతోంది. చీరంతా విప్పకుండా సరిచేసుకోవచ్చా?

సన్నజాజి: కొంగు కుడి భుజం మీద వేసుకున్నారు. తప్పంతా అక్కడే ఉంది.

గోరింట: అద్దంలో బొమ్మ అండీ, అది ఎడమ భుజమే!

చీరపెట్టె: లోపలి లంగా బొందు వదులై ఉంటుంది. నా నెట్ చీరకూ ఇదే గోల. బిగించి కట్టుకోండి, చాలు.

పట్టుకుచ్చు: బొందు వదులైతే కుచ్చిళ్లన్నీ కలిసి కిందికి దిగుతాయి. ఇక్కడ ఎడమ పక్క మాత్రమే లేచింది. ఫోటో పెద్దది చేసి చూడండి: కుచ్చిళ్ల నుంచి ఎడమ నడుము వైపు గుడ్డ సాగదీసినట్టు ముడతలు పడ్డాయి. కొంగుకు గుడ్డ చాలక, బిగలాగి పిన్నీసు పెట్టారు. ఆ లాగుడు వీపు చుట్టూ తిరిగి చివరి కుచ్చిని ఎత్తేస్తోంది. ముందు భుజం దగ్గరి పిన్నీసు తీయండి. అంచు దానంతట అదే దిగితే కారణం అదే.

గోరింట: తీశాను. సగం దిగింది, సగం అలాగే ఉంది.

పట్టుకుచ్చు: ఆ సగం దోపడంలో తేడా. కుచ్చిళ్లు బయటికి తీసి, చివరిది ఒకటి విప్పేయండి. ఐదంగుళాల కుచ్చి విప్పితే కొంగుకు దాదాపు పది అంగుళాల గుడ్డ దొరుకుతుంది. దాన్ని వీపు మీదుగా కుడి చంక కిందికి, అక్కడినుంచి భుజానికి తెచ్చుకోండి. మిగిలిన కుచ్చిళ్ల పై అంచులు సమానంగా పట్టుకుని, చెప్పులు వేసుకునే నిలబడి, అన్నింటినీ ఒకే లోతుకు ఒకేసారి దోపండి. ఒక్కొక్కటిగా దోపితేనే ఈ మెట్లు వస్తాయి. భుజం దగ్గర మీరు పై మడతకే పిన్నీసు గుచ్చినట్టున్నారు. మడతలన్నిటినీ జాకెట్టుతో కలిపి, లోపలి వైపు నుంచి గుచ్చండి.

చీరపెట్టె: జార్జెట్‌కు పిన్నీసా! చిల్లులు పడతాయి. నేనైతే పెట్టను.

పట్టుకుచ్చు: సన్నని పిన్నీసు, అదీ అంచు మందంగా ఉన్నచోట. అసలు లేకుండా జార్జెట్ పైట నిలుస్తుందంటే నమ్మను.

గోరింట: ఇప్పుడు అంచు సమంగా ఉంది. ఫోటోలో మాత్రం ఇంకా కాస్త వంకరే.

పట్టుకుచ్చు: ఫోను పట్టుకున్న చెయ్యి ఎత్తారుగా, దాంతో భుజమూ పైటా లేస్తాయి. చెయ్యి దించి, ఇంకెవరిచేతనైనా తీయించి పెట్టండి.