అప్‌డేట్: కేస్ రిపోర్ట్ రెండోసారి పంపాను

నా ప్రశ్న: “సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టాక సోడియం బాగా పడిపోయిన పేషెంట్ గురించి కేస్ రిపోర్ట్ రాస్తున్నాను. పేరు తీసేస్తే వివరాలు దాచినట్టేనా? డిస్కషన్‌లో ఏం రాయాలి?”

పేరు తీసేస్తే సరిపోలేదండీ. అడ్మిషన్ తేదీ, అరుదైన వృత్తి, వయసు మూడూ కలిస్తే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. అందుకే తేదీలన్నీ “మొదటి రోజు, తొమ్మిదో రోజు” అని మార్చి, వృత్తి తీసేశాను. అసలు భయం స్కాన్ దగ్గర వేసింది. పేరున్న అంచు వర్డ్‌లో క్రాప్ చేశాను కానీ, “రీసెట్ పిక్చర్ & సైజ్” నొక్కితే మొత్తం తిరిగొచ్చింది! విడిగా కత్తిరించి కొత్త ఫైల్‌గా సేవ్ చేసి పెట్టాను. ఇంత చేసినా, పేషెంట్ రాతపూర్వక అనుమతి తప్పదు.

డిస్కషన్ మాత్రం మళ్లీ రాయాల్సి వచ్చింది. సమస్య మందు వల్లే వచ్చిందా అని మార్కులతో అంచనా వేసే నరాంజో స్కేల్‌లో 7 వేసుకుని, “సెర్ట్రలిన్ వల్లే” అని ధీమాగా రాశాను. మందుల చార్ట్ మళ్లీ చూస్తే, అదే వారం బీపీకి థయజైడ్ కూడా మొదలైంది. అదీ సోడియం తగ్గించేదే. “వేరే కారణం ఉందా” అన్న ప్రశ్నకు నేను వేసుకున్న +2 కాస్తా -1 అయి, మొత్తం 4కి దిగింది. అంటే “ప్రాబబుల్” కాదు, “పాసిబుల్”. పైగా రెండు మందులూ ఒకే రోజు ఆపాం, కాబట్టి ఏది ఆపితే సోడియం పెరిగిందో చెప్పలేం.

ఇప్పుడు డిస్కషన్ ఈ రెండు మందుల కలయిక మీదే నడుస్తోంది. ఆ పరిమితి కూడా దాచకుండా రాశాను. రివ్యూ ఇంకా రాలేదు.