మోరంపూడి మీదుగానా, గట్టు రోడ్డునా? సైకిల్ మీద పనికి వెళ్ళేవాళ్ళు చెప్పండి

బొమ్మూరు_కుర్రాడు: ఉండేది బొమ్మూరు, హైవేకి ఊరి వైపే. పని రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండ్ దగ్గర. పొద్దున 9కి బయల్దేరతాను, తిరిగి రావడం రాత్రి 8 దాటాకే. సర్వీస్ రోడ్డులో మోరంపూడి మీదుగా వెళ్తే సుమారు 7 కిలోమీటర్లు. లోపలి రోడ్లలో ధవళేశ్వరం వెళ్ళి, అక్కణ్ణుంచి గోదావరి పక్కనే పోతే 10 దాకా వస్తుంది. రోజూ సైకిల్ మీద వెళ్ళాలంటే ఏది మంచిది? మోరంపూడి జంక్షన్ అంటే నాకు భయం.

గట్టుగాలి: ఇందులో ఆలోచించేదేముందండీ, గట్టు రోడ్డే. గోదావరి గాలి, గౌతమీ ఘాట్ దగ్గర ఆగి ఓ టీ. నేను ప్రతి ఆదివారం పొద్దున 5:30కి వెళ్తాను, ఒక్క లారీ ఎదురైతే ఒట్టు. మూడు కిలోమీటర్లు ఎక్కువైతే ఏం, కొవ్వు కరుగుతుంది.

పాతగొలుసు: ఆదివారం 5:30 సంగతి ఆయన అడగలేదు కదండీ.

తమ్ముడూ, నువ్వు అడిగింది ఒక ప్రశ్న కాదు, రెండు. పొద్దున వెళ్ళడం వేరు, రాత్రి రావడం వేరు. ఇల్లు ఊరి వైపే అన్నావు కాబట్టి పొద్దున హైవే దాటే పనే లేదు. సర్వీస్ రోడ్డులో ఎడమ పక్కనే వచ్చి మోరంపూడిలో ఎడమకి తిరిగితే ఊళ్ళోకి వచ్చేస్తావు. ఎవరికీ అడ్డం వెళ్ళవు. అక్కడ జాగ్రత్త ఒక్కటే. నీ పక్కనుంచి ముందుకెళ్ళిన బస్సో లారీయో నీతోపాటే ఎడమకి తిరుగుతుంది. పెద్ద బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రం వెళ్ళిన దారిలో వెనక చక్రం వెళ్ళదు, బాగా లోపలికి కోసుకుంటూ వస్తుంది. ముందు భాగం నిన్ను దాటేసింది కదా అనుకుంటావు, ఆ సందు అంతలోనే మూసుకుపోతుంది. లారీకి ఎడమ పక్కన ఎప్పుడూ ఆగకు. దాని వెనకే ఆగు. డ్రైవర్ అద్దంలో నీకు ఆయన మొహం కనబడకపోతే ఆయనకి నువ్వు కూడా కనబడవు.

చిక్కంతా రాత్రి. ఊళ్ళోంచి వచ్చి బొమ్మూరు వైపు వెళ్ళాలంటే కుడికి తిరగాలి, హైవే మొత్తం దాటి అవతలి పక్కకి చేరాలి. నీ భయం దీని గురించే అయితే ఆ భయంలో న్యాయం ఉంది.

నేను ఈ ఊళ్ళో 22 ఏళ్ళుగా సైకిల్ మీదే పనికి వెళ్తున్నాను. షోకు కోసం కాదు.

ఆల్కాట్‌తోట: ఫ్లైఓవర్ వచ్చాక ఇంకా మోరంపూడి అంటే టెన్షన్ ఏంటండీ? లాంగ్ బళ్ళన్నీ పైనుంచి పోతున్నాయి. కింద మిగిలేవి ఆటోలూ బైకులే. రాత్రి కుడికి తిరిగి దాటడం దేనికి అసలు? ఊళ్ళోంచి రాగానే ఇవతలి సర్వీస్ రోడ్డులోనే రాంగ్‌లో వెళ్ళిపోవడమే. ఇల్లు ఇటే అన్నాడుగా. అందరూ అదే చేస్తారు. ఎదురుగా వచ్చే బండి మనకి కనబడుతుంది, వెనకనుంచి గుద్దే భయం ఉండదు.

పాతగొలుసు: సగం నిజం చెప్పారు. నేరుగా పోయేవి పైకి వెళ్ళాయి, ఒప్పుకుంటాను. కానీ కింద మిగిలినవన్నీ మలుపు తిరిగే బళ్ళే. సైకిల్‌వాడికి దెబ్బ తగిలేది ఎక్కువగా మలుపు తిరిగే బండితోనే. అడ్డం పోయేవి తగ్గేసరికి అవి ఇదివరకంత ఆగడం లేదు కూడా.

రాంగ్ రూట్ సంగతి. ఎదురొచ్చే బండి కనబడుతుంది, నిజమే. మరి పక్క సందులోంచి సర్వీస్ రోడ్డెక్కే బండి? ఆ డ్రైవరు ఎడమకి తిరిగేటప్పుడు కుడి వైపే చూస్తాడు, బళ్ళు వచ్చేది అటునుంచే కాబట్టి. నువ్వు వచ్చేది అతని ఎడమ నుంచి. చూడనే చూడడు, సరిగ్గా నీ ముందు చక్రం మీదకి ఎక్కిస్తాడు. పైగా వెనకనుంచి వచ్చే బండికీ నీకూ మధ్య వేగం తేడా తక్కువ, ఎదురుగా వస్తే రెండు వేగాలూ కలుస్తాయి.

ఆల్కాట్‌తోట: పదిహేనేళ్ళుగా వెళ్తున్నాను, గీత కూడా పడలేదు.

పాతగొలుసు: బైకు మీదా, సైకిల్ మీదా?

ఆల్కాట్‌తోట: బైకే. తేడా ఏంటంట?

ర్యాంపు_బాధితుడు: గట్టు రోడ్డు అన్నాయనకి ఒక మాట. ఇసుక ర్యాంపుల దగ్గర్నుంచి వచ్చే ట్రాక్టర్లు చూశారా ఎప్పుడైనా? రెండేళ్ళ క్రితం ధవళేశ్వరం దాటాక ఒక ట్రాక్టరు నన్ను రాసుకుంటూ పోయింది. పట్టా కప్పలేదు, ఇసుక కారుకుంటూ పోతోంది. బ్రేకు వేస్తే సైకిల్ జారింది, మోచెయ్యి విరిగింది. ఫిర్యాదు ఇద్దామని వెళ్తే "బండి నంబరేది" అన్నారు. ఇసుకలో మొహం పెట్టి పడున్నవాడికి నంబరు ఎలా కనబడుద్దండీ? రెండు నెలలు జీతం లేదు.

గట్టుగాలి: మీకు అలా జరిగింది గానీ రోడ్డు మంచిదేనండి. నేను పెట్టిన ఫోటోలు చూడండి.

ర్యాంపు_బాధితుడు: మీ ఫోటోలో సూర్యుడు బాగానే ఉన్నాడు. ట్రాక్టర్లు తొమ్మిదింటికి వస్తాయి.

పాతగొలుసు: ఇసుక గురించి ఆయన చెప్పింది గట్టిగా గుర్తు పెట్టుకో తమ్ముడూ. తారు మీద పల్చగా పరుచుకున్న ఇసుక నీళ్ళకన్నా ప్రమాదం. దాని మీద బ్రేకు వెయ్యకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. ముందే వేగం తగ్గించుకుని, తొక్కడం ఆపి, నిటారుగా దాటెయ్యాలి. రోడ్డు అంచున ఎక్కువ పేరుకుంటుంది కాబట్టి అంచు పట్టుకు తొక్కకు, ఓ మూడు అడుగులు లోపలికి ఉండు. అలా ఉంటే వెనక బండివాడు కూడా సందు ఉందనుకుని దూరడు.

ఇక వరదల్లో బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13.75 అడుగులు, వచ్చిందంటే సగం ఊరు నీళ్ళు చూడ్డానికి అక్కడే ఉంటుంది. ఆ వారం గట్టు దారి మర్చిపో.

కడియం_చామంతి: ఇంతసేపూ అందరూ లారీ, ట్రాక్టరు, ఇసుక. నేనూ సైకిలే. బట్టల షాపులో పని, 8:30కి వదులుతారు. ఖాళీ రోడ్డు అని మీరంతా మెచ్చుకుంటున్నది రాత్రి నాకు పనికిరాదు. బళ్ళు లేని చోట మనుషులూ ఉండరు. ఒకసారి ఘాట్లు దాటాక ఇద్దరు బైకు స్లో చేసి నా పక్కనే వచ్చారు, కిలోమీటరు పైన. లైట్ల మధ్య చీకటి వచ్చినప్పుడల్లా దగ్గరకి జరిగారు. మర్నాటి నుంచి తాడితోట మీదుగా బస్సుల మధ్యలోనే వెళ్తున్నాను. హారన్లు వింటే ధైర్యంగా ఉంటుంది.

గట్టుగాలి: అడిగింది మగాయన కదండీ, మీ సమస్య వేరు.

కడియం_చామంతి: వేరు కాదు. నిన్ను పడేసి ట్రాక్టరు వెళ్ళిపోతే లేపేవాళ్ళు ఎవరుంటారు? పైన చెయ్యి విరిగినాయన్ని అడగండి, ఎంతసేపు పడున్నారో.

ర్యాంపు_బాధితుడు: ముప్పావు గంట. పాల క్యాన్లతో వెళ్తున్న కుర్రాడు చూసి ఆపాడు.

ఆల్కాట్‌తోట: అందుకే చెప్తున్నా, రాంగ్‌లో మూడొందల మీటర్లు, షాపుల లైట్లు ఉంటాయి, అయిపోతుంది. పెద్దాయన దాన్ని పట్టుకుని సాగదీస్తున్నారు. సైకిల్‌వాళ్ళకి రూల్స్ ఎవరు పెట్టారండీ, ఒక లైసెన్సు ఉందా ఒక చలానా ఉందా.

పాతగొలుసు: మూడొందల మీటర్లు కాదు బాబూ, బొమ్మూరు వరకూ. చలానా గురించి నేను మాట్లాడలేదు. 2011లో మా తోడల్లుడు అలాగే ఎదురు వెళ్ళి, సందులోంచి వచ్చిన వ్యాను కింద పడ్డాడు. కాలు తీసేశారు. తప్పు నీదే అన్నారు, పైసా రాలేదు. సాగదీస్తాను. ఇంకా సాగదీస్తాను.

ఆల్కాట్‌తోట: అయ్యో. అది తెలీదండీ. అయినా దాటడమూ ప్రమాదమే అని మీరే అన్నారుగా. ఈ కుర్రాణ్ణి రాత్రి పూట ఆ జంక్షన్ మధ్యలోకి పొమ్మంటారా?

పాతగొలుసు: మధ్యలోకి పొమ్మనట్లేదు. బైకువాడిలా రోడ్డు నడుమకి జరిగి కుడికి తిరిగితే అటూ ఇటూ బళ్ళ మధ్య ఇరుక్కుపోతావు, అది వద్దు. ఎడమ పక్కనే ఉండి, నేరుగా వెళ్ళేవాడిలా ఫ్లైఓవర్ కిందనుంచి అవతలి అంచుకి వెళ్ళిపోవాలి. అక్కడ ఎడమ మూలన దిగి, సైకిల్ బొమ్మూరు వైపు తిప్పి పెట్టుకుని నిలబడాలి. హైవే నుంచి ఆ వైపు పోయే బళ్ళు కదిలినప్పుడు వాటితో పాటు నువ్వూ వెళ్తావు. ఒక్క కుడి మలుపుని రెండు సార్లుగా నేరుగా దాటడం, అంతే. రద్దీ మరీ ఎక్కువగా ఉంటే ఎక్కనేవద్దు, సైకిల్ నడిపించుకుంటూ దాటు. నామోషీ ఏం లేదు, నేను ఇప్పటికీ దిగుతాను.

దీనికీ ఒక లోపం ఉంది. అవతలికి చేరాక బొమ్మూరులో నీ ఇంటి వైపు రావడానికి హైవే ఇంకోసారి దాటాలి. అక్కడ ఎలా ఉందో నాకు తెలీదు, నువ్వే చూడాలి.

కడియం_చామంతి: వెనక ఎర్ర లైటు కొనుక్కోండి ముందు. రిఫ్లెక్టర్ మీద దుమ్ము పడితే మెరవదు, నా ఓణీతో తుడుస్తాను రోజూ.

బొమ్మూరు_కుర్రాడు: అందరికీ థ్యాంక్స్. మీరు పోట్లాడుకుంటుంటే నిన్న రాత్రి సైకిల్ లేకుండా మోరంపూడి వెళ్ళి, 8:15 నుంచి ఓ అరగంట ఫ్లైఓవర్ కింద నిలబడ్డాను. టీ కొట్టాయన రెండుసార్లు అడిగాడు ఎవరి కోసం అని. గొలుసు అన్నగారు చెప్పిన వెనక చక్రం చూశాను. ఒక టిప్పరు ఎడమకి తిరుగుతుంటే దాని వెనక చక్రం రోడ్డు అంచు మట్టి మీదకి ఎక్కి దిగింది. సరిగ్గా నేను సైకిల్ ఆపుదాం అనుకున్న చోట. రాంగ్‌లో వెళ్ళిన సైకిళ్ళు నాలుగు, ఎవరికీ ఏం కాలేదు. ఒకాయన మాత్రం సందు దగ్గర ఆటోకి బ్రేకు వేసి బూతులు తిట్టాడు. అలా అవతలి మూలకి వెళ్ళి తిరిగినవాడు ఒక్కడూ లేడు, నడిపించుకుని దాటినవాళ్ళు ఇద్దరు.

తర్వాత నడుచుకుంటూ బొమ్మూరు దాకా వచ్చాను. ఇంటి దగ్గర హైవే దాటే చోట వీధి లైటు లేదు. బళ్ళు ఫ్లైఓవర్ దిగొచ్చిన ఊపు మీదే ఉంటాయి. మోరంపూడి కన్నా అదే భయమేసింది. కాబట్టి పొద్దున మోరంపూడి ఖాయం. రాత్రికి, మోరంపూడికి రాకముందే ఊళ్ళోంచే హుకుంపేట వైపు లోపలి సందుల్లో దూరి, హైవే ఎక్కకుండా ఇంటికి చేరే దారి ఉందా? మ్యాపులో ఉన్నట్టే ఉంది, కాలవ మీద చిన్న వంతెన దగ్గర గీత ఆగిపోతోంది.

ర్యాంపు_బాధితుడు: వంతెన ఉంది, పిట్టగోడ లేదు. రెండు పక్కలా ఇళ్ళు ఉంటాయి గానీ కుక్కలు ఉంటాయి.

కడియం_చామంతి: ఇళ్ళుంటే చాలు. కుక్కలకి దిగి నడిస్తే సరి, పరిగెడితేనే వెంటపడతాయి.

గట్టుగాలి: 2027 పుష్కరాల పేరు చెప్పి ఆ రోడ్లన్నీ తవ్వుతారు చూడండి. గట్టే మేలు.

ఆల్కాట్‌తోట: నాలుగు సైకిళ్ళు రాంగ్‌లో వెళ్ళాయి, ఏం కాలేదు. ఆయనే రాశాడు. నేను చెప్పిందీ అదే.

పాతగొలుసు: ఆటోకి బ్రేకు వేసినాయన కూడా ఆ నలుగురిలో ఒకడే.