నెలవారీ యాడ్ రిపోర్ట్: ముందు నిర్ణయం అడగాలా, ముందు లెక్కలు చెప్పాలా?

రిపోర్ట్‌రాత్రులు: మా రిపోర్ట్ మొదటి పేరా ఎప్పుడూ ఇలా ఉంటుంది: "ఈ నెల ఇంప్రెషన్లు 18 శాతం, క్లిక్కులు 11 శాతం పెరిగాయి. లీడ్ ఖర్చు 6 శాతం తగ్గింది." బడ్జెట్ మార్చాలన్న మాట ఏడో పేజీలో ఉంటుంది. క్లయింట్ "బాగుంది" అంటారు, నిర్ణయం మాత్రం రాదు. ఆ మాట పైకి తెస్తే లెక్కలు దాస్తున్నట్టు ఉంటుందా?

ఎక్సెల్‌ప్రాణి: ఉంటుంది. ముందు లెక్క, తర్వాత మాట. అడగడంతో మొదలుపెడితే "వీళ్లకేదో కావాలి" అన్న అనుమానంతోనే మిగతాదంతా చదువుతారు.

మధ్యలో_వచ్చా: దీనికింత చర్చ ఎందుకు? డాష్‌బోర్డ్‌లో కాలమ్‌లు లాగి వరస మార్చుకోవచ్చు కదా.

చిన్నక్క: ఆయన అడిగింది రాసే పేరా గురించి తమ్ముడూ, డాష్‌బోర్డ్ గురించి కాదు.

పాత_ప్లానర్: రిపోర్ట్‌రాత్రులు గారూ, ఏడో పేజీలో ఉన్నదేమిటో చెప్పండి. అది తెలియకుండా పేరా ఎలా రాయాలో చెప్పలేం.

రిపోర్ట్‌రాత్రులు: రీమార్కెటింగ్ నుంచి కొంత బడ్జెట్ సెర్చ్‌కు మార్చాలని. మొదటి 20 రోజుల ఖర్చు 100 అనుకుంటే సెర్చ్‌కు 50, రీమార్కెటింగ్‌కు 20 పోయాయి. సెర్చ్‌లో 80 లీడ్లు వచ్చి 20 మీటింగులయ్యాయి. రీమార్కెటింగ్‌లో 50 లీడ్లు వచ్చి 4 మీటింగులే అయ్యాయి. మిగతా 30 సోషల్‌ది, దాన్ని కదిలించడం లేదు.

పాత_ప్లానర్: మీ మొదటి పేరా ఎక్కడ దెబ్బతీస్తోందో ఇప్పుడు తెలిసింది. "లీడ్ ఖర్చు తగ్గింది" అన్నారు. అది చదివినవాళ్లకు ఏమీ మార్చక్కర్లేదనే అనిపిస్తుంది. రీమార్కెటింగ్ లీడ్ ఒక్కోటి 0.4కే వస్తోంది, సెర్చ్‌లో 0.625 పడుతోంది. మీటింగ్ దగ్గరికొస్తే సెర్చ్‌లో 2.5, రీమార్కెటింగ్‌లో 5. అంటే చౌక లీడే ఖరీదైన మీటింగ్ అవుతోంది. మీరు అడగాల్సిన నిర్ణయానికి మీ మొదటి వాక్యమే అడ్డుపడుతోంది.

రాసేముందు ఒకటి చూసుకోండి. గూగుల్ యాడ్స్‌లో `Search lost IS (budget)`, `Search lost IS (rank)` అని రెండు కాలమ్‌లుంటాయి. యాడ్ కనిపించగలిగిన సందర్భాల్లో బడ్జెట్ వల్ల పోయేవి ఎక్కువైతే డబ్బు పెంచడంలో అర్థముంది. ర్యాంక్ వల్ల పోతుంటే ఎంత డబ్బు పోసినా అది బాగుపడదు, బిడ్‌నో యాడ్‌నో ల్యాండింగ్ పేజీనో చూడాలి. మీ కంపెనీ పేరు కొట్టి వచ్చేవాళ్ల క్యాంపెయిన్‌ను విడదీసి చూడండి, కలిపితే సెర్చ్ ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది.

రిపోర్ట్‌రాత్రులు: కంపెనీ పేరు క్యాంపెయిన్ ఈ లెక్కలో లేదు. బడ్జెట్ వల్ల 34 శాతం పోతోంది, ర్యాంక్ వల్ల 9.

ఎక్సెల్‌ప్రాణి: 4 మీటింగులు పట్టుకుని బడ్జెట్ మారుస్తారా? ఇంకో రెండు వచ్చి ఉంటే మీటింగ్ ఖర్చు 5 కాదు, 3.3. ఇందుకే లెక్కలు ముందుండాలంటున్నాను. చదివేవాళ్లకు ఆ 4 కనబడాలి.

పాత_ప్లానర్: 4 చిన్న సంఖ్యేనండీ, ఒప్పుకుంటాను. అంతకుముందు నెలల్లో ఎన్ని?

రిపోర్ట్‌రాత్రులు: దాదాపు అంతే ఖర్చుకు 5, 3.

ఎక్సెల్‌ప్రాణి: మూడు నెలలకు కలిపి 12. అయినా చిన్నదే.

ఒకసారి_కాలింది: నేనూ ఇలాగే నిర్ణయం పైన పెట్టాను. క్లయింట్ ఒప్పుకున్నారు, మార్చాం, తర్వాతి నెల లీడ్లు పడిపోయాయి. మీటింగ్‌లో నా వాక్యమే స్క్రీన్ మీద పెట్టి "ఇది మీరే కదా రాసింది" అన్నారు. మా పైవాళ్లు ఒక్కరూ నోరు విప్పలేదు. అప్పటినుంచి ముందు లెక్కలే రాస్తున్నాను. ఏడో పేజీ నాకు హాయిగా ఉంది.

పాత_ప్లానర్: లీడ్లు పడిపోతాయని ముందే రాశారా?

ఒకసారి_కాలింది: లేదు. రాస్తే ఒప్పుకునేవారా?

పాత_ప్లానర్: ఇక్కడా అదే జరుగుతుంది. చౌక లీడ్లు తగ్గించి ఖరీదైనవి పెంచుతున్నాం కాబట్టి మొత్తం లీడ్లు తగ్గుతాయి. 10 మారిస్తే అటు 25 పోయి, ఇటు మహా అయితే 16 వస్తాయి. ఆ మాట మొదటి పేరాలోనే ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను:

"రీమార్కెటింగ్ బడ్జెట్‌లో సగాన్ని సెర్చ్‌కు మార్చడానికి 5వ తేదీలోగా మీ అనుమతి కావాలి. రీమార్కెటింగ్‌లో లీడ్ చౌకగా వస్తున్నా ఒక్క మీటింగ్‌కు సెర్చ్‌కన్నా రెట్టింపు ఖర్చవుతోంది. సెర్చ్‌లో యాడ్ కనిపించగలిగిన సందర్భాల్లో మూడో వంతు చేజారుతున్నాయి, బడ్జెట్ చాలకే. మారిస్తే మొత్తం లీడ్లు కొంత తగ్గుతాయి, మీటింగులు పెరుగుతాయని మా అంచనా. రీమార్కెటింగ్ మీటింగులు మూడు నెలల్లో 12 మాత్రమే, అందుకే సగమే అడుగుతున్నాం. సెర్చ్‌లో మీటింగ్ ఖర్చు 3.5 దాటితే వెనక్కి మారుస్తాం. అనుమతి రాకపోతే బడ్జెట్ ఇప్పుడున్నట్టే నడుస్తుంది."

ఇంప్రెషన్లూ క్లిక్కులూ దీని కింద పట్టికలో పెట్టండి.

ఎక్సెల్‌ప్రాణి: ఇందులో 12 ఉంది, రెట్టింపు ఉంది, మూడో వంతు ఉంది. లెక్కలు ముందున్నట్టే కదా!

పాత_ప్లానర్: నిర్ణయానికి పనికొచ్చేవే ఉన్నాయి. ఇంప్రెషన్లు 18 శాతం పెరగడం ఈ నిర్ణయాన్ని ఎటూ కదిలించదు.

ఎక్సెల్‌ప్రాణి: ఏది పనికొస్తుందో ఏరేది మీరే, అడిగేదీ మీరే. నాకు నచ్చనిది అదే.

చిన్నక్క: నిర్ణయించాల్సిందేమీ లేని నెల ఏం రాయాలి? మా దగ్గర అలాంటి నెలలే ఎక్కువ.

పాత_ప్లానర్: "ఈ నెల మీరు తేల్చాల్సిందేమీ లేదు" అనే రాయండి అక్కా. దాని కింద పోయినసారి ఒప్పుకున్న మార్పు ఎంతవరకొచ్చిందో చెప్పండి. లేని నిర్ణయాన్ని పుట్టించి పెడితే మూడో నెలకు ఎవరూ చదవరు.

ఎక్సెల్‌ప్రాణి: ఇంకొకటి. వెనక్కి మారుస్తాం అన్నారు, ఎప్పుడు చూస్తారు? లీడ్ మీటింగ్ అవడానికి టైమ్ పడుతుంది. నెలాఖరు లీడ్లు కూడా కలిపితే మీటింగ్ ఖర్చు ఊరికే పెరిగినట్టు కనిపిస్తుంది.

పాత_ప్లానర్: ఇది మాత్రం మంచి మాట, నా పేరాలో లేదు. రిపోర్ట్‌రాత్రులు గారూ, మీ దగ్గర ఎన్ని రోజులు పడుతుంది?

రిపోర్ట్‌రాత్రులు: పది రోజుల లోపే. 20 రోజుల లీడ్లే తీసుకున్నది అందుకే.

పాత_ప్లానర్: అయితే "మార్చాక మొదటి 20 రోజుల లీడ్లను 30వ రోజున చూస్తాం" అని చేర్చండి. మధ్యలో ఎవరైనా కంగారుపడితే చూపించడానికి ఉంటుంది.

ఒకసారి_కాలింది: ఎంత బాగా రాసినా తప్పు జరిగితే పట్టుకునేది రాసినవాడినే. మీరంతా వాక్యాల వరస గురించి కొట్టుకుంటున్నారు. కింద సంతకం ఎవరిదో ఒక్కరూ అడగలేదు.

ఎక్సెల్‌ప్రాణి: నేనూ అదే అనబోతున్నా. లెక్కలు ముందుంటే నిర్ణయం క్లయింట్‌ది. అడగడం ముందుంటే మనది.

పాత_ప్లానర్: ఇన్ని పోస్టుల తర్వాత అసలు మాట బయటికొచ్చింది. అయితే ఏడో పేజీ చదివేవాళ్ల కోసం కాదన్నమాట, మనం దాక్కోవడానికి.

ఒకసారి_కాలింది: మీరు సీనియర్, అనగలరు. నేను అప్పుడు ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు.

చిన్నక్క: ఆయన చెప్పినదాంట్లో న్యాయముంది ప్లానర్ గారూ. పేరా పంపేముందు పైవాళ్ల చేత ఒప్పించుకుని, వాళ్ల పేరుతోనే పంపించాలి.

రిపోర్ట్‌రాత్రులు: మా మేనేజర్‌కు చూపించాను. మొదటి వాక్యం ఉంచారు. లీడ్లు తగ్గుతాయన్న వాక్యం, వెనక్కి మారుస్తాం అన్న వాక్యం కొట్టేశారు, "క్లయింట్ భయపడతారు" అని.

ఒకసారి_కాలింది: ఆ రెండూ లేకుండా పంపకండి. నా రిపోర్ట్‌లో లేనివి అవే.

ఎక్సెల్‌ప్రాణి: పంపకండి. ఈ ఒక్కదాంట్లో ప్లానర్ గారితో ఉన్నాను.

రిపోర్ట్‌రాత్రులు: రేపు పొద్దున పంపాలి. ఇంకోసారి అడిగి చూస్తాను.