ఆరు నెలల తర్వాత రమ్మన్న రిక్రూటర్‌కి మెయిల్ పెట్టాలా, ఫ్రెండ్ రిఫరల్ తీసుకోవాలా?

బెల్లందూరు_బ్యాకెండ్:
నాకు బ్యాకెండ్‌లో నాలుగున్నరేళ్ల అనుభవం. ఔటర్ రింగ్ రోడ్డు మీదున్న ఒక అమెరికన్ ప్రోడక్ట్ కంపెనీలో మార్చి 27న ఆఖరి రౌండ్ అయింది, సిస్టమ్ డిజైన్‌లో పోయింది. ఏప్రిల్ 9న రిక్రూటర్ ఫోన్ చేసి, ఈసారికి కుదరలేదు, ఆరు నెలలయ్యాక మళ్లీ టచ్‌లోకి రండి అన్నారు. ఇవాళ సెప్టెంబర్ 24. అదే టీమ్‌లో అలాంటి పోస్టే మళ్లీ కనిపిస్తోంది. కాలేజీ ఫ్రెండ్ ఒకడు అక్కడే పనిచేస్తున్నాడు, ఈ రాత్రికే రిఫర్ చేస్తానంటున్నాడు. ఆవిడకి మెయిల్ పెట్టాలా, వీడి రిఫరల్ తీసుకోవాలా?

మారతహళ్లి_మధు:
ఇందులో ఆలోచించడానికేముంది తమ్ముడూ, రిఫరల్ తీసుకో. హెచ్‌ఆర్ వాళ్లు "ఆరు నెలల తర్వాత" అనేది మర్యాదగా ఫోన్ పెట్టేయడానికి. వాళ్ల దగ్గర రోజుకి ఎన్ని ప్రొఫైల్స్ తిరుగుతాయో, నీ పేరు గుర్తుంటుందా? లోపలి మనిషి రిఫర్ చేస్తే, రిజెక్ట్ అయ్యాక మళ్లీ అప్లై చేయడానికి ఆగాల్సిన కూలింగ్ పీరియడ్ కూడా పట్టించుకోరు. మా టీమ్‌లోకి ఒకతను అలాగే వచ్చాడు.

హైరింగ్_అక్క:
మధుగారూ, మీరు చెప్పింది సగం వరకు నిజం. హైరింగ్ మేనేజర్ పట్టుబడితే గడువు ముగియకముందే మినహాయింపు ఇచ్చిన సందర్భాలున్నాయి. మీ టీమ్‌లో జరిగింది అదే అయ్యుంటుంది. కానీ ఆ మినహాయింపు మేనేజర్ అడిగితే వచ్చేది. రిఫరల్ లింక్ నింపినంత మాత్రాన రాదు.

నేను బెంగళూరులోనే చాలా ఏళ్లుగా టాలెంట్ అక్విజిషన్‌లో ఉన్నాను, మాకు లోపల ఏం కనిపిస్తుందో చెప్తాను. తమ్ముడి పేరు, మెయిల్, ఫోన్ నంబర్ ఆ కంపెనీ హైరింగ్ సిస్టమ్‌లో ఇప్పటికే ఉన్నాయి. ఏ రౌండ్‌లో ఎవరు ఏం రాశారో, చివరికి ఏ కారణంతో రిజెక్ట్ అయిందో ఆ రికార్డులోనే ఉంటుంది. ఈ రాత్రి ఫ్రెండ్ రిఫర్ చేస్తే కొత్త రికార్డు పుట్టదు, అది పాతదానికే వెళ్లి అతుక్కుంటుంది. తెరిచి చూసే రిక్రూటర్‌కి ముందు కనిపించేది గడువు ఇంకా పూర్తి కాలేదన్న విషయం. చాలా చోట్ల చూసేదాకా కూడా ఆగదు, సిస్టమే వెనక్కి కొట్టేస్తుంది. అప్పుడు ఇంటర్వ్యూ పోవడమే కాదు, రిఫరల్ కూడా ఖర్చయిపోతుంది. ఒకసారి రిఫర్ అయిన మనిషిని మళ్లీ కొన్ని నెలలదాకా రిఫర్ చేయనివ్వని కంపెనీలు చాలా ఉన్నాయి.

ఇంకో సంగతి. ఆరు నెలలు ఎప్పటినుంచి లెక్క? కొన్నిచోట్ల ఆఖరి రౌండ్ తేదీ నుంచి, కొన్నిచోట్ల సిస్టమ్‌లో రిజెక్ట్ నొక్కిన తేదీ నుంచి. మొదటిదైతే మీకు సెప్టెంబర్ 27, రెండోదైతే అక్టోబర్ 9. బయటినుంచి మీకు తెలిసే దారి లేదు కాబట్టి రెండోదే పట్టుకోండి. ఇంత దగ్గరికొచ్చాక రెండు వారాలకోసం తొందరపడొద్దు.

బెల్లందూరు_బ్యాకెండ్:
అక్కా, అంతలో ఆ పోస్ట్ మూసేస్తే?

హైరింగ్_అక్క:
మూసేయొచ్చు. కానీ గడువు లోపల అప్లై చేస్తే ఆ పోస్ట్ మీకు ఎలాగూ దొరకదు. పోస్ట్ ఎప్పుడు పెట్టారో చూడండి. ఈ వారమే పెట్టి ఉంటే అక్టోబర్ 9కి ఇంకా మొదటి రౌండ్ల దగ్గరే ఉంటుంది. ఇక్కడ ఎక్కువమందికి 90 రోజుల నోటీస్ పీరియడ్, ఆఫర్ తీసుకున్నాక కూడా చేరనివాళ్లు కొందరు. అందుకే పోస్టులు మీరనుకున్నంత త్వరగా మూసుకోవు.

కొత్తగ్రాడ్_కడప:
నాది కూడా ఇదే సమస్య అన్నా. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ ఇచ్చారు, జాయినింగ్ ఆరు నెలల తర్వాత చెప్తామన్నారు. ఎనిమిదో నెల నడుస్తోంది. బీటీఎంలో పీజీ అద్దె కడుతూ కూర్చున్నా. మెయిల్ పెడితే ఆఫర్ క్యాన్సిల్ చేస్తారా? ఇంట్లో రోజూ టెన్షన్.

హైరింగ్_అక్క:
బాబూ, నీది వేరే విషయం. నీ చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, ఇతని చేతిలో ఏమీ లేదు. నువ్వు రాయాల్సింది రిక్రూటర్‌కి కాదు, ఆన్‌బోర్డింగ్ టీమ్‌కి. ఆఫర్ లెటర్ జతచేసి జాయినింగ్ తేదీ రాతపూర్వకంగా అడుగు. అడిగినందుకు ఆఫర్ రద్దుచేయడం నేను చూడలేదు. ఈలోగా వేరేచోట అప్లై చేయడం ఆపకు. వేరే చర్చ మొదలుపెట్టు, అక్కడ మాట్లాడదాం.

ఎలక్ట్రానిక్_సిటీ_రవి:
నాకు ఒక డౌట్. ఆ రిక్రూటర్ అసలు కంపెనీ మనిషేనా? మెయిల్ కింద సంతకం చూశారా? నాకు ఒకసారి ఇలాగే జరిగింది. కంపెనీ మనిషి అనుకున్నాను, తీరాచూస్తే కన్సల్టెన్సీ. నా ప్రొఫైల్ వాళ్ల ఖాతాలో పడింది. తర్వాత స్నేహితురాలు రిఫర్ చేస్తే "డూప్లికేట్" అని వచ్చింది.

బెల్లందూరు_బ్యాకెండ్:
ఇప్పుడే చూశాను. మెయిల్ ఐడీ కంపెనీదే, కానీ సంతకంలో పేరు కింద చిన్న అక్షరాల్లో వేరే స్టాఫింగ్ సంస్థ పేరుంది. మార్చిలో గమనించనేలేదు.

హైరింగ్_అక్క:
రవిగారు మంచి ప్రశ్న అడిగారు, కానీ ఇది ఆయన కేసు కాదు. ఆయనది బయటి కన్సల్టెన్సీ. వాళ్లు పంపిన ప్రొఫైల్‌కి కంపెనీ కమీషన్ కట్టాలి, అందుకే ఒప్పందంలో ఆ ప్రొఫైల్ ఇంతకాలం వాళ్లదే అని ఉంటుంది. మామూలుగా ఆరు నెలలు, కొన్నిచోట్ల ఏడాది. ఆ లోపల రిఫరల్ వస్తే కమీషన్ గొడవ ఎందుకని కంపెనీ అభ్యర్థినే పక్కన పెట్టేస్తుంది.

మీ కేసులో ఆవిడ కంపెనీ లోపలే, కంపెనీ ఐడీతోనే పనిచేసే కాంట్రాక్ట్ రిక్రూటర్. ప్రొఫైల్ కంపెనీదే, కమీషన్ గొడవ లేదు. కాకపోతే ఆవిడ కాంట్రాక్ట్ అయిపోయి వెళ్లిపోయి ఉండొచ్చు. అలాంటి ఐడీకి మెయిల్ పెడితే ప్రతిసారీ తిరిగి రాదు, కొన్నిచోట్ల ఎవరూ చూడని పెట్టెలోకి పోతుంది. జవాబు రాకపోతే మీరు "నన్ను వద్దనుకున్నారు" అని ఆరు రోజులు కుమిలిపోతారు, అక్కడ చదివే మనిషే ఉండరు. ముందు లింక్డ్‌ఇన్‌లో ఆవిడ ఇప్పుడెక్కడున్నారో చూడండి. ఫ్రెండ్‌ని అడిగితే ఇంకా నయం, కంపెనీ డైరెక్టరీలో ఒక్క నిమిషం పని.

బెల్లందూరు_బ్యాకెండ్:
అడిగాను, డైరెక్టరీలో ఉన్నారట. అయితే మెయిల్‌లో ఏం రాయాలి? నేను రాసుకున్నది ఇది: మీరు క్షేమమని తలుస్తాను, మీరు చెప్పినట్టే ఆరు నెలల తర్వాత రాస్తున్నాను, మీ సంస్థలో పనిచేయాలని చాలా ఆసక్తి, తగిన అవకాశాలుంటే తెలియజేయగలరు, రెజ్యూమె జతచేశాను.

హైరింగ్_అక్క:
ఇందులో ఆవిడ జవాబు చెప్పగలిగిన ప్రశ్న ఒక్కటీ లేదు. "అవకాశాలుంటే" అంటే పోస్టులన్నీ ఆవిడే వెతకాలి. అంత తీరిక ఎవరికీ ఉండదు.

కొత్త మెయిల్ వద్దు, మార్చినాటి ఇంటర్వ్యూ షెడ్యూల్ వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. కిందకి జరిపితే పాత కథంతా కనిపిస్తుంది. మొదటి వాక్యంలో ఏ పోస్టుకి, ఏ తేదీన ఆఖరి రౌండ్ అయిందో, ఏప్రిల్ 9న ఆవిడ ఏమన్నారో. రెండో వాక్యంలో ఇప్పుడు కనిపిస్తున్న పోస్టు జాబ్ ఐడీ. తర్వాత ముఖ్యమైనది: డిజైన్ రౌండ్‌లో పోయింది కదా, అప్పటినుంచి ఆ విషయంలో ఏం మారింది? కోర్సు చేశానని రాయకండి, పనిలో చేసింది చెప్పండి. ఏమైనా ఉందా?

బెల్లందూరు_బ్యాకెండ్:
ఉంది. జూన్‌లో మా సెటిల్‌మెంట్ జాబ్‌ని తిరగరాశాను. అంతకుముందు ఒకే డేటాబేస్ మీద నాలుగు గంటలు నడిచేది. దాన్ని మర్చెంట్‌వారీగా విడగొట్టి, క్యూలో పెట్టి, మధ్యలో ఫెయిలైతే అక్కడినుంచే మొదలయ్యేలా చేశాను. ఇప్పుడు 40 నిమిషాల్లో అవుతోంది. డిజైన్ నాదే.

హైరింగ్_అక్క:
ఇదే రాయండి, రెండు వాక్యాల్లో. మేనేజర్‌కి ఫార్వర్డ్ చేయడానికి ఆవిడకి ఇంతకన్నా సాకు అక్కర్లేదు. చివర్లో నోటీస్ ఎన్ని రోజులో చెప్పి ఒకే ప్రశ్న అడగండి: మీ సిస్టమ్ ప్రకారం నా గడువు పూర్తయిందా, అయితే ఈ జాబ్ ఐడీకి నన్ను పరిశీలించగలరా? ఆవిడ ఫోన్‌లోంచే జవాబిచ్చేయొచ్చు. జీతం సంగతి అడిగేదాకా ఎత్తొద్దు.

మారతహళ్లి_మధు:
జీతం విషయంలో ఒప్పుకోను అక్కా. ముందే చెప్తే రెండువైపులా టైమ్ మిగులుతుంది. నాలుగు రౌండ్లు అయ్యాక బడ్జెట్ లేదంటే ఎవరికి నష్టం?

హైరింగ్_అక్క:
మొదటిసారి మాట్లాడుతున్నట్టయితే మీ మాట సరే. ఇక్కడ మార్చిలోనే పాత అంకె చెప్పి ఉంటాడు, అది రికార్డులో ఉంది. ఏప్రిల్ హైక్ తర్వాత పెరిగి ఉంటే ఫోన్‌లో చెప్పుకోవచ్చు.

ఎలక్ట్రానిక్_సిటీ_రవి:
ఇంటర్వ్యూ దాకా వెళ్లనివాళ్ల సంగతేంటి? మా ఆవిడకి ఒకే ఒక్క ఫోన్ కాల్, తర్వాత ఇదే మాట.

హైరింగ్_అక్క:
రౌండ్లే జరగకపోతే మామూలుగా కూలింగ్ పీరియడ్ అనేదీ ఉండదు. అప్పుడు కారణం బడ్జెట్ కావచ్చు, లేదా మధుగారన్నట్టు మర్యాద కావచ్చు. అక్కడ ఆరు నెలలు లెక్కపెట్టడం దండగ, కంపెనీ ఆర్థిక సంవత్సరం చూడండి. జనవరిలో లెక్కలు మొదలయ్యే కంపెనీకి అక్టోబర్, నవంబర్‌లలో కొత్త పోస్టులు తక్కువ, మానేసినవాళ్ల స్థానాలే ఎక్కువ. ఏప్రిల్‌లో మొదలయ్యేవాళ్ల దగ్గర జనవరి నుంచి మార్చి దాకా అదే పరిస్థితి. బెల్లందూరు తమ్ముడికి కూడా "జనవరిలో చూద్దాం" అని జవాబు రావచ్చు. అలా వస్తే జనవరి నెలాఖరులో మళ్లీ రాయడానికి అది తేదీ దొరికినట్టే.

బెల్లందూరు_బ్యాకెండ్:
సరే అక్కా, 9 దాటాక 10న రాస్తాను. మరి రిఫరల్? మెయిల్ పెట్టాక చేయించాలా, ముందా?

హైరింగ్_అక్క:
దీనికి ఒకటే జవాబు లేదు. ముందు మెయిల్ పెట్టి, ఆవిడే మిమ్మల్ని ఆ పోస్టుకి కలిపితే, తర్వాత వచ్చిన రిఫరల్‌కి మీ ఫ్రెండ్‌కి బోనస్ రాకపోవచ్చు. ముందు రిఫరల్ చేస్తే అది వేరే రిక్రూటర్ దగ్గరికి వెళ్లొచ్చు, ఈవిడకి తెలియకపోవచ్చు. నేనైతే 10న పొద్దున రిఫర్ చేయించి, అదే రోజు మెయిల్‌లో "ఫలానావారు రిఫర్ చేశారు" అని ఒక ముక్క రాస్తాను.

మారతహళ్లి_మధు:
నేనైతే ఆ ఫలానావాడిచేత మేనేజర్‌ని కాఫీకి పిలిపిస్తాను. పది మెయిళ్ల కన్నా అది నయం.

హైరింగ్_అక్క:
మేనేజర్‌కి అది నచ్చకపోతే ఆ చిరాకు కూడా ఇతని రికార్డులోకే ఎక్కుతుంది మధుగారూ.

మారతహళ్లి_మధు:
నచ్చినవాళ్లనే నేను చూశాను మరి.

బెల్లందూరు_బ్యాకెండ్:
మేనేజర్ ఎలాంటివాడో ఫ్రెండ్‌నే అడుగుతాను. ముందు వాడిని ఈ రాత్రి లింక్ నొక్కకుండా ఆపాలి.